కొండ దిగిన మర్నాడే తొడలు ఎందుకు పట్టేస్తాయి?

మాది పర్లాకిమిడి. పోలీసు సెలక్షన్లకి తయారయ్యే కుర్రాళ్లం పొద్దున్నే కొండవాలులో పరిగెడతాం. ఎక్కేటప్పుడు తొడలు భగ్గుమని మండుతాయి, ఆగితే కాసేపట్లో తగ్గిపోతుంది. దిగేటప్పుడు అంత మంట ఉండదు గానీ, మర్నాడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే.

మా కోచ్ గారు రెండింటికీ ఒకే మాట: "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది, నూనె రాసి పిసికించుకోండి." కానీ ఆ యాసిడ్ ఒంట్లో లాక్టేట్ రూపంలో ఉంటుందని, పరుగు ఆపిన గంట, గంటన్నరలో ఆ లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుందని, గుండె, కండరాలు దాన్నే ఇంధనంగా వాడుకుంటాయని చదివాను. హైడ్రోజన్ అయాన్లు, లాక్టేట్, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ కలిసి నొప్పి నాడుల్ని రేపితే మంట పుడుతుందట. ఒక్క లాక్టేట్ మీదే నింద వేయడం అన్యాయం కదా!

మర్నాటి నొప్పి వేరు. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపడానికి తొడ కండరం సాగుతూనే బిగుసుకుంటుంది. దాంతో లోపలి సన్నని పోగులు దెబ్బతింటాయి. ఆ తర్వాత వాపు, నాడుల సున్నితత్వం మెల్లగా పెరుగుతాయి కాబట్టి 24 నుంచి 72 గంటల మధ్య నొప్పి ముదురుతుంది. ఇంతవరకు సరిగ్గానే అర్థమైందా?

ఒకసారి కొద్దిగా దిగుడు పరుగు చేస్తే, తర్వాత కొన్ని వారాలు నొప్పి తక్కువగా వస్తుందంటారు. అలా చేసినవాళ్లెవరైనా ఉంటే, సెలక్షన్లకి ఎన్నాళ్ల ముందు దిగుడు పరుగు ఆపారో చెప్పండి.