కిరణ్ బాబులు ఇద్దరూ ఒకచోట ఎందుకు రావడం లేదు?

కార్తీక్: మా సంఘం సభ్యుల పేర్లను పోస్ట్‌గ్రెస్‌లో `COLLATE "C"` పెట్టి వరస తీస్తున్నాను. ఒక కిరణ్ బాబు కిరణ్మయికి ముందు వచ్చాడు, ఇంకో కిరణ్ బాబు ఆమె తర్వాత వచ్చాడు. స్క్రీన్ మీద రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయి. కోడ్ పాయింట్ వరస తెలుగుకు పనికిరాదా?

సుధాకర్: ఎందుకు పనికిరాదు? యూనికోడ్‌లో మన అక్షరాలు ఇస్కీ నాటి వరసలోనే ఉన్నాయి. సున్న, అచ్చులు, హల్లులు, ఆ తర్వాత గుణింతపు గుర్తులు. కంచి, కమల, కాశి, కృష్ణ పెట్టి చూడండి, సరిగ్గానే వస్తాయి. పేర్లు ఎక్కించినవాళ్లే ఏదో తప్పు కొట్టి ఉంటారు.

పద్మజ: అక్షరాల సంగతి సుధాకర్ గారు చెప్పినట్టే. కానీ టైపు చేసినవాళ్ల తప్పేమీ లేదండీ. చాలా కీబోర్డుల్లో పొల్లు కింద ఒత్తు పడకుండా కంటికి కనబడని గుర్తు, U+200C, పడుతుంది. ‘కిరణ్’ తర్వాత ఏముందో చూడండి: మొదటి బాబుకి ఖాళీ, U+0020. కిరణ్మయికి మ, U+0C2E. రెండో బాబుకి U+200C, ఆ తర్వాతే ఖాళీ. తెలుగు అక్షరాలన్నిటికంటే అది పెద్ద సంఖ్య కాబట్టి ఆయన కిందికి పోయాడు. ఇలా వెతకండి:

```sql
SELECT name FROM members
WHERE position(U&'\200C' IN name) > 0;
```

వరసకు `ORDER BY name COLLATE "te-x-icu"` వాడండి. అది ఆ గుర్తును లెక్కలోకి తీసుకోదు, బాబులిద్దరూ పక్కపక్కన వస్తారు.

ఖాదర్: మా ఊరి లిస్టులో ఇంటిపేరు ఒకరికి ముందుంది, ఒకరికి చివరుంది. దీంతో అదీ సరిపోతుందా?

పద్మజ: లేదు ఖాదర్ గారూ, దానికి ఇంటిపేరు వేరే కాలమ్‌లో పెట్టాల్సిందే.

సుధాకర్: సరే, ఒప్పుకున్నా. అయితే ఆ గుర్తును మొత్తంగా తీసేస్తే గొడవే ఉండదు కదా?

పద్మజ: దయచేసి ఆ పని చేయకండి. ‘రాజ్‌కుమార్’లోంచి తీస్తే ‘రాజ్కుమార్’ అవుతుంది, జ కింద క ఒత్తు పడుతుంది. ఎవరి పేరు వాళ్లు రాసుకున్నట్టే ఉండాలి. పేరు చివరో, ఖాళీకి ముందో ఉంటే మాత్రం తీసేయొచ్చు, చూపులో తేడా రాదు. ఇంకో మాట కార్తీక్ గారూ, వరస సరిపోయినా `=` పెట్టి వెతికితే ఆ రెండు పేర్లు ఇంకా వేర్వేరే. వెతుకులాటకు గుర్తు తీసేసిన నకలు ఇంకో కాలమ్‌లో ఉంచుకోండి.

రమణ మాస్టారు: మేం పిల్లలకు నేర్పేది య ర ల వ శ ష స హ ళ క్ష ఱ అని. మీ `te-x-icu` ఱను ర పక్కన కూర్చోబెడుతోంది. మరి ఇది తెలుగు వరస ఎలా అయిందమ్మా?

పద్మజ: నిజమే మాస్టారూ, అక్కడ అది కోడ్ పాయింట్ దారినే పోతుంది. పేర్ల మధ్యలో ఱ వచ్చే జాబితాల్లో మీ వరస కావాలంటే సొంతంగా నియమం రాయాలి.

సుధాకర్: అంత అవసరమా? పేరు వెతుక్కునేవాళ్లు ఱను ర పక్కనే చూస్తారు.

రమణ మాస్టారు: నేను క్ష తర్వాతే చూస్తాను బాబూ.