మందుగుండు లారీ డ్రైవర్ పౌర నష్టం లెక్కలోకి వస్తాడా?

బెంగళూరులో లా చదువుతున్నాను. మూట్ కోర్టు సమస్యలో ఒకచోట ఆగిపోయాను. పౌరుడైన ఓ డ్రైవర్ ఫిరంగి గుళ్లున్న లారీని ఫ్యాక్టరీ నుంచి ఓడరేవుకు తోలుతున్నాడు. యుద్ధరంగం 300 కిలోమీటర్ల అవతల ఉంది. దాబా దగ్గర ఆగిన లారీని డ్రోన్ పేల్చింది. సీట్లోనే ఉన్న డ్రైవర్, పక్కన భోంచేస్తున్న నలుగురు చనిపోయారు.

లారీ సైనిక లక్ష్యమే, అందులో నాకు సందేహం లేదు. చిక్కంతా డ్రైవర్‌తోనే. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 2009 మార్గదర్శకం చదివాను: ముందు వరుసలో పోరాడేవాళ్లకు గుళ్లు చేరవేస్తే యుద్ధచర్యల్లో నేరుగా పాల్గొన్నట్టు, ఫ్యాక్టరీ నుంచి ఓడరేవుకైతే కాదు. అంటే ఇతను పౌరుడే. మా సీనియర్ మాత్రం, ముప్పు తెలిసే లారీ ఎక్కాడు కాబట్టి లెక్కలోకి రాడంటున్నారు. జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్ 51(5)(బి)లో అలాంటి మినహాయింపు నాకెక్కడా కనబడలేదు.

ఆశించిన సైనిక ప్రయోజనంతో పౌర నష్టాన్ని తూచేటప్పుడు నలుగురినే లెక్కించాలా, డ్రైవర్‌తో కలిపి ఐదుగురినా?