ఇద్దరు ఎదురుపడగానే ట్రాకర్ నంబర్లు తారుమారవుతున్నాయి, గుమ్మం దగ్గర లెక్క తప్పుతోంది

జీడితోట

మాది పలాస. మావయ్య గారికి జీడిపప్పు యూనిట్ ఉంది. పొట్టు తీసే హాలుకీ గ్రేడింగ్ గదికీ మధ్య ఒక గుమ్మం. ఆ గుమ్మం గుండా అటు ఎంతమంది వెళ్తున్నారో, ఇటు ఎంతమంది వస్తున్నారో లెక్క కావాలన్నారు. ఎదురుగోడకు ఏడడుగుల ఎత్తులో ఉన్న పాత కెమెరానే వాడుతున్నాను. మనుషులు కుడి నుంచి ఎడమకీ, ఎడమ నుంచి కుడికీ నడుస్తూ కనిపిస్తారు. మధ్యలో ఒక గీత పెట్టాను, ట్రాకర్ ఒక్కొక్కరికి ఇచ్చే నంబరు ఆ గీత దాటితే లెక్కలో పడుతుంది. కెమెరా 15 ఫ్రేముల స్ట్రీమ్ ఇస్తోంది. ఆఫీసులో ఉన్న పాత కంప్యూటరు అన్నీ మోయలేకపోతోంది.

```python
from ultralytics import YOLO
model = YOLO("yolov8m.pt")
results = model.track(src, tracker="bytetrack.yaml",
            vid_stride=3, conf=0.5, stream=True)
```

ఒక్కరే నడిస్తే ఏ గొడవా లేదు. ఇద్దరు ఎదురుపడ్డారంటే చాలు, 14 నంబరు ఆవిడ 17 అవుతుంది, 17 ఆవిడ 14 అవుతుంది. అందరూ తెల్ల ఏప్రాన్, తెల్ల టోపీయే. ఏం చేయాలి?

కోటగుమ్మం

విజయనగరంలో మా షాపులో నాకూ ఇదే తలనొప్పి వచ్చింది. ByteTrack మనిషి రూపం చూడదు బ్రో, మనిషి చుట్టూ గీసిన పెట్టె ఎక్కడుందో మాత్రమే చూస్తుంది. `botsort.yaml`కి మారి అందులో `with_reid: True` పెట్టు, రూపం కూడా చూస్తుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. `match_thresh` కూడా 0.8 నుంచి 0.95కి పెంచు, స్ట్రిక్ట్ అవుతుంది. `track_buffer` 300 చేసేయ్. నాకు చాలావరకు తగ్గింది.

నాగావళి గట్టు

ఆగండి, ముందు ఒకటి అడగాలి. జీడితోట గారూ, ఒక అరగంట వీడియో కూర్చుని చేత్తో లెక్కపెట్టారా? పెట్టి ఉంటే నాలుగు అంకెలూ ఇవ్వండి, అటు ఎంత, ఇటు ఎంత, రెండు రకాలుగానూ.

సిరిమాను వీధి

ఇదే సందర్భంలో అడుగుతున్నాను. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు మేడ మీద నుంచి తీసిన వీడియో ఉంది నా దగ్గర. ఇదే కోడ్ పెడితే జనం ఎంతమందో చెప్తుందా? పెట్టి చూస్తే నంబర్లు వేలల్లో పరిగెడుతున్నాయి.

నాగావళి గట్టు

సిరిమాను వీధి గారూ, మీది వేరే సమస్య. అంత కిక్కిరిసిన జనంలో ఒక్కొక్కరికి పెట్టె గీయడమే కుదరదు, ఇక నంబరు నిలబడేది ఎక్కడ? జనసాంద్రతను అంచనా వేసే మోడళ్లు వేరే ఉంటాయి, వాటికి నంబర్లతో పని లేదు. విడిగా చర్చ పెట్టండి, అక్కడ రాస్తాను.

జీడితోట

లెక్కపెట్టాను. అరగంటలో చేత్తో లోపలికి 46, బయటికి 43. ప్రోగ్రాం చెప్పింది లోపలికి 38, బయటికి 35. తమాషా ఏటంటే గదిలో మిగిలినవాళ్ల లెక్క మాత్రం రెండింట్లోనూ 3. అంటే సరిపోయినట్టే కదా అంటారు మావయ్య!

నాగావళి గట్టు

నాకు కావలసింది అదే. రెండువైపులా సరిగ్గా ఎనిమిదే తగ్గింది. అది యాదృచ్ఛికం కాదు.

మేడ మీద నుంచి చూస్తున్నారనుకోండి. గొడుగు వేసుకుని ఒకావిడ అటు నుంచి, ఇంకొకావిడ ఇటు నుంచి వస్తున్నారు. మీకు గొడుగులు మాత్రమే కనిపిస్తాయి. గుమ్మంలో ఇద్దరూ గొడుగులు మార్చుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. మీరు చూసిందేమిటి? రెండు గొడుగులూ గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, వచ్చిన చోటికే పోయాయి. గీతను ఏదీ దాటలేదు. మీ ట్రాకర్లో నంబరే గొడుగు. గీత దగ్గర జరిగే ప్రతి మార్పిడికీ లోపలికి ఒకటి, బయటికి ఒకటి పోతాయి. అందుకే తేడా సమానంగా వచ్చింది, అందుకే మిగులు సరిపోయింది.

అదే నంబరు మారడం కాకుండా తెగిపోయి ఉంటే, అంటే గీతకు ఇవతల 14 చచ్చిపోయి అవతల 22గా పుట్టి ఉంటే, ఆ ఒక్క వైపే లెక్క తగ్గేది. ఆ జబ్బు వేరు, మందు వేరు. ఒకసారి నంబర్ల దారులన్నీ ఒక బొమ్మ మీద గీసి చూడండి. ఒకే ఫ్రేములో రెండు దారులు ఎదురెదురుగా మలుపు తిరిగి ఉంటే అక్కడ మార్పిడి జరిగినట్టే.

ఇప్పుడు కారణం. మీ కోడ్‌లో `vid_stride=3` ఉంది. 15 ఫ్రేముల్లో మూడింటికొకటి అంటే సెకనుకు ఐదే చూస్తున్నారు. మనిషి మామూలు నడక సెకనుకు సుమారు 1.4 మీటర్లు, అంటే మీ రెండు ఫ్రేముల మధ్య 28 సెంటీమీటర్లు. పక్క నుంచి చూస్తే మనిషి పెట్టె వెడల్పు అర మీటరు అనుకుందాం. ఒక ఫ్రేములో ఎడమావిడ 0 దగ్గర, కుడి ఆవిడ 28 దగ్గర ఉన్నారు. తర్వాతి ఫ్రేముకు ఎడమావిడ 28కి వచ్చింది, కుడి ఆవిడ 0కి వచ్చింది. ఒకరు నిలబడిన చోటే రెండోవారు! పెట్టెల అతివ్యాప్తి మాత్రమే చూసేవాడికి ఎవరూ కదలనట్టే ఉంటుంది. నంబర్లు మార్చుకున్నది మనుషులు కాదు, మీరు చూడని రెండు ఫ్రేములు.

కోటగుమ్మం

కానీ కాల్మన్ ఫిల్టర్ ఉంటుంది కదండీ? ముందుకు పోతున్న మనిషి ముందుకే పోతుందని అది ఊహించాలి కదా. మరి అది ఏం చేస్తున్నట్టు?

నాగావళి గట్టు

మంచి ప్రశ్న. దాని పనే అది, వేగం సరిగ్గా తెలిస్తే చేస్తుంది కూడా. కానీ కొత్త నంబరు పుట్టినప్పుడు వేగం సున్నా నుంచి మొదలవుతుంది. ఆ కెమెరాలో గుమ్మానికి అటూ ఇటూ రెండేసి మీటర్లు కనిపిస్తాయనుకుంటే, మనిషి ఫ్రేములోకి వచ్చాక గీత చేరడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. మీ వేగంలో అది ఏడు ఫ్రేములు. అందులోనూ మనిషి అంచు నుంచి లోపలికి వస్తున్నంతసేపూ పెట్టెకు ఒక వైపు అంచుకే అతుక్కుని ఉంటుంది, కాబట్టి పెట్టె మధ్య బిందువు సగం వేగంతోనే కదులుతుంది. ఫిల్టర్ ఆ తప్పు వేగాన్నే నేర్చుకుంటుంది. దాన్ని దిద్దుకునేలోపు ఎదురావిడ వచ్చేస్తుంది.

మీ మిగతా సలహాల గురించి కూడా చెప్తాను, ఏమనుకోకండి. ByteTrackలో `match_thresh` దూరానికి హద్దు, పోలికకు కాదు. 0.8 అంటే అతివ్యాప్తి 0.2 దాటితే చాలు (`fuse_score` ఆన్‌లో ఉంటే డిటెక్టర్ స్కోరుతో గుణించాక). 0.95 చేస్తే స్ట్రిక్ట్ అవదు, ఇంకా వదులవుతుంది. ఇక `track_buffer` 300 అంటే ఐదు ఫ్రేముల వేగంలో నిమిషం పాటు పోయిన నంబర్లు బతికే ఉంటాయి, ఎవరో కొత్తావిడ వస్తే అతుక్కుంటాయి. తెగిపోయే నంబర్లకు అది కొంత సాయం చేస్తుందేమో గానీ మార్పిడికి మందు కాదు.

రూపం చూడమనడం షాపులో సరైన సలహాయే. కస్టమర్ల చీరలు వేరువేరు రంగులు. ఇక్కడ అందరూ తెల్ల ఏప్రానే. పైగా ఇద్దరూ కలిసిన క్షణంలో కత్తిరించిన బొమ్మలో ఇద్దరూ ఉంటారు, ఒకరి గుర్తులోకి రెండోవారి రూపం కలిసిపోతుంది.

కోటగుమ్మం

`match_thresh` సంగతి ఇన్నాళ్లూ తిరగేసి అనుకున్నానన్నమాట. షాపులో మరి ఎందుకు తగ్గిందో!

బొబ్బిలి సీసీటీవీ

నేను కెమెరాలు బిగించేవాణ్ని, కోడ్ గురించి తెలీదు. ఒక్క మాట తమ్ముడూ. చాలా రికార్డర్లలో మెయిన్ స్ట్రీమ్, సబ్ స్ట్రీమ్ అని రెండుంటాయి. సబ్‌లో ఫ్రేములు తగ్గించి పెట్టి ఉంటారు, లైన్ బిజీ అయితే ఇంకా పడిపోతాయి. 15 అని సెట్టింగులో ఉన్నంత మాత్రాన 15 వస్తున్నాయని కాదు. వీడియో మీద గడియారం సెకను మారేలోపు ఎన్ని ఫ్రేములు వచ్చాయో లెక్కపెట్టుకో.

జీడితోట

లెక్కపెట్టాను అన్నా, నిజంగా 15 వస్తున్నాయి. నాగావళి గారూ, స్ట్రైడ్ తీసేస్తే కంప్యూటరు ఆగిపోతోంది.

నాగావళి గట్టు

పెద్ద మోడల్‌తో మూడింటికొకటి చూడటం కన్నా చిన్న మోడల్‌తో అన్నీ చూడటం మేలు. `yolov8n.pt` పెట్టండి. ఏడడుగుల ఎత్తు నుంచి ఇంత దగ్గరగా కనిపించే మనిషిని పట్టుకోవడానికి అది చాలు. 15 ఫ్రేములైతే ఫ్రేముకు 9 సెంటీమీటర్లే. తన పాత పెట్టెతో అతివ్యాప్తి సుమారు 0.7 ఉంటుంది. ఐదు ఫ్రేములప్పుడు అది 0.28.

ఇంకొకటి, `conf=0.5` తీసేయండి. ByteTrack ప్రత్యేకతే తక్కువ స్కోరు పెట్టెలను రెండో విడతలో వాడుకోవడం. వెనక దాగిన ఆవిడ పెట్టె స్కోరు సరిగ్గా కలిసినప్పుడే 0.2, 0.3కి పడిపోతుంది. మీరు 0.5 దగ్గరే తలుపు వేసేస్తే ఆ రెండో విడతకు మిగిలేదేమీ లేదు. ఏమీ ఇవ్వకపోతే Ultralytics లైబ్రరీ ట్రాకింగ్‌కి 0.1 తీసుకుంటుంది.

జీడితోట

అదే అరగంట వీడియో మీద మళ్లీ నడిపాను. లోపలికి 44, బయటికి 41! ఎనిమిది మార్పిడులు రెండయ్యాయి. ఆ రెండూ తీసి చూశాను. రెండింట్లోనూ నాలుగైదు ఫ్రేముల పాటు ఇద్దరికీ కలిపి ఒకటే పెట్టె ఉంది. ఒకసారి ట్రే అందించుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయారు.

నాగావళి గట్టు

ఆ కలిసిన పెట్టె ఒక నంబరుకే దక్కుతుంది. ఆ పెట్టె కదలదు కాబట్టి ఆ నంబరు వేగం చచ్చిపోతుంది. రెండో నంబరు కళ్లు మూసుకుని పాత వేగంతో ముందుకు పోతుంది. విడిపోయాక ఎవరికి ఎవరు అనేది దాదాపు బొమ్మా బొరుసే. 2022లో వచ్చిన OC-SORT అనే ట్రాకర్ దీనికి ఒక ఉపాయం పట్టింది. పోయిన నంబరు మళ్లీ దొరికినప్పుడు, చివర చూసిన చోటు నుంచి ఇప్పుడు దొరికిన చోటు దాకా మధ్య దారి ఊహించి గీసి, ఫిల్టర్‌ను ఆ దారి మీద మళ్లీ నడుపుతుంది. దానివల్ల ఊహలో పేరుకున్న తప్పు పోతుంది. నడిచిపోయే వాళ్లకు బాగా పనిచేస్తుంది. ఆగి మాట్లాడుకుని అటో ఇటో తిరిగే వాళ్లకు కదలిక చూసే ఏ ట్రాకరూ హామీ ఇవ్వలేదు.

బొబ్బిలి సీసీటీవీ

ఇంత లెక్కలెందుకు? కెమెరా గుమ్మం నెత్తిన నిలువుగా కిందికి చూసేలా పెట్టు. పైనుంచి చూస్తే ఒకరి వెనక ఒకరు దాక్కోలేరు.

నాగావళి గట్టు

మాట నిజమే. కానీ నిలువుగా పెడితే తెల్ల టోపీ, రెండు భుజాలు మాత్రమే కనిపిస్తాయి. ఆ మోడల్ నేర్చుకున్న ఫొటోల్లో మనుషులు ఎక్కువగా ముందు నుంచో పక్క నుంచో ఉన్నవాళ్లే, నడినెత్తి నుంచి చూపిస్తే మనిషిగానే గుర్తించకపోవచ్చు. అలా పెడితే మీ గుమ్మం ఫొటోలే కొన్ని వందలు తీసి, పెట్టెలు గీసి, మళ్లీ నేర్పించుకోవాలి.

బొబ్బిలి సీసీటీవీ

కొంచెం వాలుగా పెడితే పోలా? నేను బ్యాంకుల్లో అలాగే బిగిస్తాను.

నాగావళి గట్టు

వాలు ఎంతుంటే దాపరికం అంత. ఎక్కడ ఆగాలో ఆ గుమ్మం దగ్గరే పెట్టి చూడాలి, ఇక్కడి నుంచి చెప్పలేను.

జీడితోట

మా కప్పు రేకులది, ఎత్తు పద్నాలుగు అడుగులు. కెమెరా వేలాడదీయడానికి పైపు వేయాలి. ఆదివారం యూనిట్‌కి సెలవు, అప్పుడు నిచ్చెన వేసి ఫోన్‌తోనే మూడు కోణాల్లో వీడియో తీస్తాను. నడిచి చూపించడానికి ఇద్దరు తమ్ముళ్లను తీసుకెళ్తా. ఏప్రాన్లు కూడా తొడిగిస్తా.

కోటగుమ్మం

ట్రే అందించుకోమని కూడా చెప్పు!