‘ఈసారైనా’లో చురక ఎక్కడుంది?

పద్దుల పుస్తకం: ప్రతి నెలా 5వ తేదీకి మరో బ్రాంచి నుంచి రావలసిన ఖర్చుల స్టేట్‌మెంట్ కొన్నాళ్లుగా ఆలస్యమవుతోంది. ఈ నెలా రాలేదు. గుర్తుచేస్తూ అక్కడి సహోద్యోగికి ఇలా రాసి, పంపకుండా ఆపాను: ‘మీరెంత బిజీగా ఉంటారో తెలుసు. ఈసారైనా రేపటిలోగా పంపగలరు.’ మా ఆవిడ చదివి ఎత్తిపొడుపులా ఉందంది. ‘నొప్పింపక తానొవ్వక ఏదో తిరుగువాడు’ గుర్తొచ్చింది. తప్పు ‘పంపగలరు’దేనా?

కందప్రియ: ‘తప్పించుక తిరుగువాడు ధన్యుడు.’ ఆ లెక్కన ధన్యుడు మీ సహోద్యోగే! అన్నట్టు అది ‘తా నొవ్వక’. ‘తాను ఒవ్వక’ అని విరిచేవాళ్లను చూశాను. ఇక ‘గలరు’ పాపమేమీ చేయలేదు, నోటీసు బోర్డుల మీద ‘గమనించగలరు’ చూస్తూనే ఉన్నాం. ముల్లు ‘ఐనా’లో ఉంది. ‘ఈసారి’ అంటే ఈ నెల సంగతి. ‘ఈసారైనా’ అంటే పాత బాకీలన్నీ తవ్వినట్టే.

ఓరుగల్లు: ‘ఐనా’ తీసినా ‘ఎంత బిజీగా ఉంటారో’ మిగులుతుంది. అసలు వెటకారం అదే.

కందప్రియ: ‘మీరెంత కష్టపడ్డారో తెలుసు’ అన్నా వెటకారమేనా?

ఓరుగల్లు: పని చేసినవాడితో అంటే కాదు. చేయనివాడితో అంటే అవును.

గోదారిగట్టు: నేనూ ఆలస్యం చేసే బాపతే. మావాళ్లు ‘జెంటిల్ రిమైండర్’ అని పెడతారు, మూడోది వచ్చేదాకా కదలను. కాస్త చురక ఉంటేనే పనవుతుందండీ.

ఓరుగల్లు: చురక వల్ల కాదు, మూడోదాంట్లో తేదీ ఉండుంటుంది. ఇలా రాయండి: ‘5న రావలసిన స్టేట్‌మెంట్ ఇంకా అందలేదు. 8న ఉదయం ఆడిటర్లకు ఇవ్వాలి. 7న సాయంత్రం 4కల్లా పంపండి. ఏ బిల్లులైనా ఆగి ఉంటే అవేవో రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి, మిగతావాటితో పని మొదలుపెడతాను.’ ఆయన ఎలాంటివాడన్న ఊసే లేదు. ఏం కావాలో, ఎప్పటికో, ఎందుకో ఉంది. ప్రతి నెలా ఎందుకు ఆలస్యమవుతోందన్నది ఫోన్లో విడిగా అడగండి. ఇందులో కలిపితే మళ్లీ ‘ఐనా’ తిరిగొస్తుంది.

కందప్రియ: బాగుంది, ‘ఇంకా’ తప్ప. ‘అందలేదు’ అంటే చాలదా?

ఓరుగల్లు: ‘అందలేదు’ అంటే కథ ముగిసినట్టు. ‘ఇంకా’ అంటే వస్తుందని ఎదురు చూస్తున్నట్టు.

కందప్రియ: ‘ఇంకా లేవలేదా?’ అని అమ్మ అడిగితే ఎదురుచూపేనా? పేరెత్తకుండా తగిలించడం తిక్కనను చూసి నేర్చుకోవాలి. నిండుసభలో కృష్ణుడు ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి’ అంటాడు. ఎవరిననలేదు, భీష్మద్రోణులు మాత్రం ఎదురుగానే ఉన్నారు.

ఓరుగల్లు: దాంతో యుద్ధం ఆగిందా?

పద్దుల పుస్తకం: ‘ఐనా’, ‘బిజీ’ రెండూ తీసేశాను. ‘ఇంకా’ ఉంచాలా, తీయాలా? నాలుగింటికల్లా పంపాలి.

గోదారిగట్టు: ఉంచండి. నాలాంటివాడు అసలు ఆ మాట దాకా చదవడు.