13వ ట్రే ఎక్కడం లేదు: అలైనర్లు ఆపేసి బ్రేసులు వేయించుకోవాలా?

రాత్రిబండి (రాత్రి 11:52)

రెండు గంటలుగా అద్దం ముందే నిలబడి ఉన్నాను. పళ్లు సర్దే ప్లాస్టిక్ తొడుగుల్లో, అదే అలైనర్లలో, ఈ రోజు 13వ ట్రే మొదలుపెట్టాలి. మిగతా పళ్లన్నిటి మీదా చక్కగా కూర్చుంటోంది, పై వరుసలో ఎడమ కోరపన్ను దగ్గర మాత్రం పైకి తేలి ఉంటోంది. ప్లాస్టిక్‌కూ పంటి కొసకూ మధ్య గోరు పట్టేంత ఖాళీ. వేళ్లతో నొక్కాను, గట్టిగా కొరికి చూశాను, వేడి నీళ్లలో ముంచితే మెత్తబడుతుందేమోనని కూడా అనుకున్నాను. నాకు 34 ఏళ్లు. డబ్బు మొత్తం ముందే కట్టేశాను. మొదట చూపించుకున్న డాక్టరు బ్రేసులే మేలని అన్నారు, రెండో ఆయన అలైనర్లతో అయిపోతుందన్నారు. ఆఫీసులో తీగలతో కనిపించడం ఇష్టం లేక రెండో ఆయన మాటే విన్నాను. ఇప్పుడు సగంలో బ్రేసులకు మారితే పడ్డ పాట్లన్నీ వృథాయేనా? తెలిసినవారు చెప్పండి.

మూడుముక్కలు (12:04)

రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారు?

రాత్రిబండి (12:06)

తినేటప్పుడు తప్ప ఎప్పుడూ ఉంటాయి.

మూడుముక్కలు (12:07)

గంటలు అడిగాను.

వేపపుల్ల (ఉదయం 6:15)

అసలు రోగం ఎక్కడుందో ఎవరూ చూడడం లేదు. 34 ఏళ్లంటే జ్ఞానదంతాలు వెనకనుంచి తోస్తుంటాయి. ముందు వాటిని పీకించకుండా ముందు పళ్లు సర్దడమంటే, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. మా బావమరిదికి 40 ఏళ్లు వచ్చాక కింది పళ్లు వంకర తిరిగాయి, కారణం జ్ఞానదంతాలేనని అందరూ అన్నారు. ఇంకో మాట. క్లిప్పులు అని తెలుగులో శుభ్రమైన మాట ఉండగా బ్రేసులు, ట్రేలు, అలైనర్లు అంటూ ఈ గోల ఎందుకు?

మామిడితాండ్ర (7:40)

క్లిప్పుల గురించేనా? మా అమ్మాయికి 12 ఏళ్లప్పుడు వేయించాం. ఏడాదిన్నరలో పళ్లు ముత్యాల్లా తయారయ్యాయి. ఒక్కటే ఇబ్బంది, చెగోడీ కొరికినప్పుడల్లా ఒక క్లిప్పు ఊడేది. మీరు కూడా ధైర్యంగా వేయించుకోండి, నొప్పి మొదటి వారమే.

సత్తుగిన్నె (8:22)

మామిడితాండ్ర గారూ, మీ అమ్మాయికి వేసింది పంటికి అంటించే లోహపు బ్రేసులు. ఈయనకు ఉన్నది తీసి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు. రెండూ క్లిప్పులంటే ఇదే గందరగోళం. చికిత్స అయ్యాక రాత్రిపూట పెట్టుకునే దాన్ని కూడా క్లిప్పనే అంటారు కొందరు.

ఇక అసలు విషయం. అలైనర్లు పంటిని పైపైన వంచుతాయి అంతే, వేరును కదపలేవు. కాబట్టి మీ కోరపన్ను ఎన్నటికీ తిరగదు. బ్రేసులకు మారండి.

వేపపుల్ల (8:30)

తెలుగు మాటకు గందరగోళం అంటగట్టడం బాగుంది.

తెల్లకోటు (మధ్యాహ్నం 1:47)

పళ్లు సర్దే పనిలోనే ఉన్నాను. ఇప్పుడే రెండో పేషెంటుకూ మూడో పేషెంటుకూ మధ్య దొరికిన ఖాళీలో రాస్తున్నాను.

సత్తుగిన్నె గారు చెప్పింది సగమే నిజం. అలైనర్లు వేరునూ కదుపుతాయి, కాకపోతే కొన్ని రకాల కదలికల్లో బలహీనం. చోటు కోసం ఒక పన్ను పీకి, ఆ ఖాళీలోకి పక్క పన్నును నిటారుగా జరపాలంటే పైభాగం వాలిపోయి వేరు వెనకబడుతుంది. పంటిని చిగురులోంచి కిందికి లాగడమూ కష్టమే. గుండ్రటి పంటిని తిప్పడం మూడోది. ముందు పన్ను పలకలా ఉంటుంది, ప్లాస్టిక్‌కు పట్టు దొరుకుతుంది. కోరపన్ను గుండ్రన, పైగా నోట్లో అన్నిటికంటే పొడవైన వేరు దానిదే. తడి చేత్తో సీసా మూత తిప్పినట్టు ట్రే జారిపోతుంది. అందుకే దాని మీద పంటి రంగులోనే చిన్న బొడిపె అంటిస్తారు, అటాచ్‌మెంట్ అంటారు. పట్టు దానిదే.

రాత్రిబండి గారూ, మీ ఎడమ కోరపన్ను మీద ఆ బొడిపె ఉందా? వేలితో తడిమి చెప్పండి. ట్రేలు ఎన్ని రోజులకొకటి మారుస్తున్నారు? పళ్లు ఏమైనా పీకారా? వేడి నీళ్ల జోలికి మాత్రం పోవద్దు, ట్రే ఆకారమే పోతుంది.

వేపపుల్ల గారికి: జ్ఞానదంతాల తోపు వల్లే ముందు పళ్లు వంకర తిరుగుతాయన్నది పాత నమ్మకం. జ్ఞానదంతాలు అసలే లేనివాళ్లకు కూడా వయసుతో కింది ముందు పళ్లు ఇరుకవుతాయి. వాటిని పీకించాల్సిన కారణాలు వేరే ఉంటాయి.

వేపపుల్ల (1:58)

మా బావమరిదికి చెప్పిన డాక్టరు కూడా డాక్టరేనండీ.

రాత్రిబండి (సాయంత్రం 6:33)

పళ్లు పీకలేదు. పళ్ల మధ్య సన్నగా అరగదీసి చోటు చేశారు. వారానికొకటి మారుస్తున్నాను, ఫోనులో యాప్ గుర్తుచేస్తుంది.

బొడిపె... ఉండేది. 9వ ట్రేలో ఉన్నప్పుడు పెళ్లిభోజనంలో ఏదో కొరికితే ఊడిపోయింది. నొప్పి లేదు కదా, తర్వాత వెళ్లినప్పుడు చెబుదామనుకున్నాను. ఇది ముఖ్యమని తెలియదు.

మూడుముక్కలు (6:35)

గంటలు.

రాత్రిబండి (6:50)

సరే, లెక్క వేశాను. ఉదయం కాఫీ, పేపరు అరగంట. టిఫిన్ 40 నిమిషాలు. 11 గంటల టీ 20. భోజనం గంట. 4 గంటల టీ అరగంట. విదేశీ క్లయింటుతో ఫోనులో మాట్లాడేటప్పుడు ‘స’ తేడాగా పలుకుతోందని తీసేస్తాను, అదొక గంట. రాత్రి తిన్నాక ఎలాగూ పళ్లు తోముకోవాలి కదా అని పడుకునేదాకా పెట్టను, అది రెండు గంటలు. మొత్తం ఆరు. అంటే 18 గంటలు పెడుతున్నాను. తక్కువేమీ కాదనుకుంటా.

సత్తుగిన్నె (7:05)

టీ తాగేటప్పుడు తీయకండి, 50 నిమిషాలు కలిసొస్తాయి.

తెల్లకోటు (రాత్రి 9:20)

ఆ సలహా వినకండి. వేడికి ప్లాస్టిక్ సాగుతుంది, మరక పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, చక్కెర టీ ట్రే లోపల నిలిచి పంటిని నానబెడుతుంది. లాలాజలం కడగడానికి దారి ఉండదు. చికిత్స అయ్యేసరికి పంటి మీద సుద్ద రంగు మచ్చలు మిగులుతాయి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. వారానికొకటి మార్చే పద్ధతి 22 గంటలు పెట్టేవాళ్లకు. ఒక్కో ట్రే పంటిని మహా అయితే రెండు డిగ్రీలు తిప్పేలా తయారవుతుంది. మీ బొడిపె 9లో ఊడింది. 10, 11, 12, 13... నాలుగు ట్రేలూ కలిసి ఆ పన్నును ఎనిమిది డిగ్రీల దాకా తిప్పుతాయన్న నమ్మకంతో చేసినవి. అది తిరగలేదు. మిగతా పళ్లు వెళ్లిపోయాయి, ఇదొక్కటి బస్సు ఎక్కలేదు. మీకు కనిపిస్తున్న ఖాళీ అదే. పట్టు పోవడం ఒక కారణం, 18 గంటలు ఇంకొకటి. ఎక్కువ పాలు దేనిదో ఇక్కడినుంచి చెప్పలేను.

చేయాల్సింది: 14కు వెళ్లకండి. ఎన్ని ట్రేలు ముందుకు పోతే ఖాళీ అంత పెరుగుతుంది. చివరిసారి ఖాళీ లేకుండా పూర్తిగా కూర్చున్న ట్రేకు తిరిగి వెళ్లి, అదే పెట్టుకుని, రేపే క్లినిక్‌కు ఫోను చేయండి. బొడిపె మళ్లీ అంటిస్తారు, కానీ పన్ను ఉన్న చోటుకు సరిపోయే ట్రేతోనే. ఇప్పుడున్న 13తో అంటిస్తే బొడిపె దాని గూట్లో కూర్చోదు. కొరకడానికి రబ్బరు ముక్కలు ఇస్తారు, ట్రే పెట్టినప్పుడల్లా ఆ పంటి మీద ఐదు నిమిషాలు కొరకాలి. రెండు వారాల్లో ఖాళీ మూసుకోకపోతే మళ్లీ స్కాన్ చేసి కొత్త విడత ట్రేలు చేయిస్తారు. ఇది తప్పు జరిగినట్టు కాదు, అలైనర్లలో చాలామందికి రెండో విడత ఉంటుంది. మొదట చెప్పిన నెలలకు ఇంకొన్ని కలుపుకోవాల్సిందే.

రాత్రిబండి (9:41)

పాత ట్రేలు పారేశాను. బ్యాగులో 11 ఒక్కటి దొరికింది, టిష్యూలో చుట్టి ఉంది. పెట్టి చూశాను. గోరు పట్టడం లేదు గానీ సన్నటి గీతంత ఖాళీ ఉంది.

తెల్లకోటు (9:58)

అదృష్టవంతులు. 11 పెట్టుకోండి. ఇకమీదట కనీసం రెండు పాత ట్రేలు దాచుకోండి, టిష్యూలో కాదు, డబ్బాలో. ఫోనులో మాట్లాడేటప్పుడు తీయకండి. ‘స’ కొన్నాళ్లలో అలవాటవుతుంది, తీస్తుంటేనే అలవాటు కాదు.

సత్తుగిన్నె (10:10)

ఇంత తతంగం కంటే మొదటే బ్రేసులు వేస్తే ఆ పన్ను ఎప్పుడో తిరిగేది. మొదటి డాక్టరు అన్నదీ అదే కదా?

తెల్లకోటు (10:26)

ఆ ఒక్క పంటి వరకు ఔను. అంటించిన బ్రేసుకు తీగ కడితే పన్ను తిరక్క తప్పదు, పేషెంటు గుర్తుపెట్టుకుని చేయాల్సింది తక్కువ. రోజుకు ఆరుసార్లు తీసి పెట్టుకునే అలవాటు లేనివాళ్లకు నేనూ బ్రేసులే చెబుతాను. కానీ పెద్దవాళ్లకు ఒకటిన్నర నుంచి రెండేళ్ల దాకా పట్టొచ్చు, నాలుగైదు వారాలకోసారి రావాలి, తీగల చుట్టూ తోముకోవడం సరిగా లేకపోతే చిగుళ్లు వాస్తాయి. మధ్యేమార్గం కూడా ఉంది. ఆ కోరపంటికి మాత్రం చిన్న బొత్తం అంటించి, ట్రేకు రబ్బరు తగిలించి తిప్పవచ్చు. లేదా కొన్ని నెలలు నాలుగైదు పళ్లకే బ్రేసులు వేసి, ఆపైన మళ్లీ ట్రేలకు రావచ్చు. ఏది అన్నది పన్ను ఇంకా ఎంత తిరగాలో చూశాకే తేలుతుంది. పడ్డ పాట్లు ఎక్కడికీ పోవు, మిగతా పళ్లు జరిగినంత జరిగాయి కదా.

మామిడితాండ్ర (10:40)

అయితే మా అమ్మాయి చికిత్స తర్వాత రాత్రిపూట పెట్టుకునేది మానేసింది. రెండేళ్లయింది. ఇప్పుడు ఒక పన్ను కాస్త ముందుకు వచ్చినట్టుంది. ఆ పాత క్లిప్పే మళ్లీ పెట్టించవచ్చా?

మూడుముక్కలు (10:42)

రిటైనర్. ఎక్కకపోతే బలవంతం చేయకండి.

వేపపుల్ల (10:55)

క్లిప్పు అంటే అందరికీ అర్థమైంది చూడండి.

రాత్రిబండి (17 రోజుల తర్వాత, రాత్రి 12:11)

బొడిపె అంటించారు. 11 పూర్తిగా కూర్చుంది, నిన్ననే 12 మొదలుపెట్టాను. 13, 14 ఎక్కుతాయో లేదో చెప్పలేమంటున్నారు, వచ్చే నెల స్కాన్. ఆఫీసులో టీ మానేశాను, 21 గంటలు వస్తోంది. థాంక్స్ అందరికీ.

మామిడితాండ్ర (మర్నాడు 8:05)

నా ప్రశ్నకు ఎవరైనా పూర్తిగా చెబుతారా?