ఇంటర్న్‌షిప్ చివరి రోజు వీడ్కోలు ప్రసంగం: ఎవరికి ముందు, ఏం చెప్పాలి?

గుంటూరు బీఈడీ: గుంటూరు దగ్గర జెడ్పీ హైస్కూల్లో మా ఇంటర్న్‌షిప్ శనివారంతో అయిపోతోంది. ఏడో తరగతికి లెక్కలు చెప్పాను. మా బ్యాచ్ తరఫున నన్నే మాట్లాడమన్నారు, మూడు నిమిషాలే. హెచ్‌ఎం, గైడ్ టీచర్ మేడం, స్టాఫ్, పిల్లలు అందరూ ఉంటారు. రాసుకున్నది చూస్తే అంతా ‘ధన్యవాదాలు’ల వరసలా ఉంది. ఎలా మార్చాలి?

కృష్ణలంక: పిల్లల వీడ్కోలు సభకైతే జూనియర్ల చేత పాట పాడించండి, పదో తరగతి వాళ్లకి పెన్నులు పంచండి, బాగుంటుంది.

గుంటూరు బీఈడీ: అది కాదండీ. వెళ్లిపోయేది మేమే, ఛాత్రోపాధ్యాయులం.

తెలుగు పండిట్: ‘వేదికనలంకరించిన పెద్దలకు’ అని మొదలుపెట్టి హెచ్‌ఎం గారు, గైడ్ టీచరు, మిగతా ఉపాధ్యాయులు, ఆఫీసు సిబ్బంది, ఈ వరసలో అందరి పేర్లూ చదవాలి. ఒక్క పేరు తప్పినా బాగుండదు. మొత్తం బట్టీ పట్టండి.

లెక్కల మాస్టారు: వరస సరిగ్గానే చెప్పారు, పేర్ల విషయమే కుదరదు. ఇరవై మంది స్టాఫ్ పేర్లు, గౌరవ పదాలు చదివేసరికి ఒక నిమిషం పోతుంది. పైగా అందరి పేర్లూ మొదలుపెడితేనే ఒకటి తప్పే ప్రమాదం. హెచ్‌ఎం గారినీ గైడ్ మేడంనీ పేరుతో చెప్పి, మిగతావారిని ‘స్టాఫ్‌రూంలో మాకు చోటిచ్చిన ఉపాధ్యాయులందరికీ’ అనండి. అటెండరు, ఆయా, మధ్యాహ్న భోజనం వండేవాళ్లని మాత్రం మరిచిపోవద్దు.

బట్టీ కూడా వద్దు. మధ్యలో ఒక వాక్యం జారితే తర్వాతది గుర్తురాదు. నిమిషానికి సుమారు వంద మాటలు లెక్కేసుకుంటే మూడు నిమిషాలకి మూడు వందలు. పిల్లల చప్పట్లకి కొంత పోతుంది కాబట్టి రెండు వందల యాభై దగ్గర ఆపండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మిగతాది చిన్న కాగితం మీద నాలుగు మాటలుగా రాసుకుంటే చాలు.

అసలు పట్టు గైడ్ టీచర్ దగ్గరుంది. ‘ఎన్నో మెళకువలు నేర్పారు’ అంటే ఏ టీచరుకైనా సరిపోయే మాట. మేడం మార్పించిన ఒక్క పని చెప్పండి. ఏ పాఠంలో ఏం మార్పించారు?

గుంటూరు బీఈడీ: పూర్ణసంఖ్యలు. నేను గుర్తుల నియమం బోర్డు మీద రాసేయబోతుంటే, ముందు నేల మీద సంఖ్యారేఖ గీసి పిల్లల్ని నడిపించమన్నారు.

లెక్కల మాస్టారు: అదే మీ ప్రసంగం. ఇలా చెప్పి చూడండి:

‘మేడం, పూర్ణసంఖ్యలకి నేను నియమం రాయబోయాను. మీరు సుద్దముక్క తీసుకుని నేల మీద గీత గీయమన్నారు. మైనస్ మూడు దగ్గర నిలబడ్డ పిల్లాడు ఇంకో నాలుగడుగులు ఎడమకి వేసి, మైనస్ ఏడు అని తనే చెప్పాడు. ఆ రోజు నుంచి ముందు చేయించడం, తర్వాత నియమం చెప్పడం అలవాటైంది. అందుకు మీకు నమస్కారం.’

నలభై సెకన్లు కూడా పట్టదు. ఆ పిల్లాడి పేరు చెప్పకండి, మిగతావాళ్లు ‘మా పేరేది’ అనుకుంటారు. ‘మేడం క్లాసంతా నాకే వదిలేశారు’ అని మాత్రం పొరపాటున కూడా అనకండి. మీరు మెచ్చుకోలుగానే అంటారు, కానీ హెచ్‌ఎం ముందు అది మేడం క్లాసుకి రాలేదన్న ఫిర్యాదులా వినిపిస్తుంది. ‘సిలబస్ నేనే పూర్తి చేశాను’ అన్నదీ అలాంటిదే.

బ్రాడీపేట డీఎడ్: మాది ప్రాథమిక పాఠశాల, పిల్లలు ఏడుస్తారేమోనని భయంగా ఉంది. ‘మళ్లీ వస్తాను’ అని చెప్పేస్తే ఊరుకుంటారు కదా?

లెక్కల మాస్టారు: చిన్నపిల్లలు దాన్ని మాటగా పట్టుకుని గేటు వైపు చూస్తూంటారు. ‘రేపటి నుంచి మీ టీచరే పాఠం చెప్తారు, మనం ఆడిన ఆట ఆవిడకి నేర్పించండి’ అంటే వాళ్లకి ఒక పని దొరుకుతుంది. హైస్కూల్లో పిల్లలు ఫోన్ నంబరు అడుగుతారు, ఇవ్వకండి. ప్రసంగంలో పిల్లల భాగం చివర పెట్టి, చూపు స్టేజి మీద నుంచి వాళ్ల వైపు తిప్పండి.

తెలుగు పండిట్: పిల్లలు చివరనా? ప్రార్థన సమావేశంలో వాళ్లు ఎండలో నిలబడి ఉంటారు, ముందే పలకరించాలి.

లెక్కల మాస్టారు: బయట అయితే మీ మాటా నిజమే, మొదట ఒక్క వాక్యం పలకరింపు పెట్టొచ్చు. హాల్లో కూర్చోబెడితే చివరే మేలని నా అభిప్రాయం.

గుంటూరు బీఈడీ: పిల్లలది ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీష్‌లో మాట్లాడమని మా కాలేజీ వాళ్లు అంటున్నారు.

తెలుగు పండిట్: వంటవాళ్లకీ ఆయాకీ అర్థం కావాలంటే తెలుగే.

కృష్ణలంక: కాలేజీ సూపర్‌వైజర్ వస్తే ఇంగ్లీష్ వాక్యాలు రెండు కలపండి మరి, మార్కులు వేసేది ఆయనే.

లెక్కల మాస్టారు: అది మీ సూపర్‌వైజర్‌ని అడిగి తేల్చుకోండి. ఇంకో సంగతి, లెసన్ ప్లాన్ రికార్డుల మీద గైడ్ టీచర్, హెచ్‌ఎం సంతకాలు శుక్రవారమే పెట్టించుకోండి. శనివారం ఫొటోల హడావుడిలో ఎవరూ దొరకరు. పైగా సంతకాలు మిగిలుండగా పొగిడితే అందుకే పొగిడారనుకుంటారు.