ఆఫర్‌లో 22,150, అకౌంట్లో 16,000: కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ మన జీతంలోంచి కోయవచ్చా?

రాజురా_ఉద్యోగిని
ఆఫర్ లెటర్‌లో నెలకు 22,150 సీటీసీ అని ఉంది. మొదటి నెల జీతం 16,000 పడింది. ఒక్క సెలవు కూడా పెట్టలేదు. స్లిప్పులో ఎడమ వైపు బేసిక్, డీఏ కలిపి 12,500, ఇంటి అద్దె 4,000, స్పెషల్ అలవెన్స్ 3,500. కుడి వైపు పీఎఫ్ 1,500, ఎంప్లాయర్ పీఎఫ్ 1,500, ఈఎస్‌ఐ 150, ఎంప్లాయర్ ఈఎస్‌ఐ 650, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. కంపెనీ వాటాను నా జీతంలోంచి కట్ చేయడం సరైనదేనా? మా సూపర్‌వైజర్ అందరికీ ఇంతే అంటున్నాడు.

బల్లార్షా_యూనియన్
సరైనది కాదు చెల్లీ. 1952 నాటి పీఎఫ్ స్కీమ్ 31వ పేరాలోనే యజమాని వాటాను కార్మికుడి జీతం నుంచి రాబట్టకూడదని రాసి ఉంది. ఈఎస్‌ఐ చట్టంలోనూ అదే మాట. అసలు ఈ సీటీసీ అనేదే మోసం. వాళ్లు కట్టాల్సింది మన జీతంలో కలిపి పెద్ద అంకె చూపిస్తారు, తర్వాత తీసేస్తారు. నీకు 22,150లోంచి నీ వాటా 1,500, ఈఎస్‌ఐ 150 మాత్రమే పోవాలి. మిగతాదంతా అడుగు.

సిరోంచ_మాస్టారు
నాదీ ఇలాంటి గోలే. ప్రతి నెలా 200 పోయే ప్రొఫెషనల్ ట్యాక్స్ ఫిబ్రవరిలో 300 పోయింది. అడిగితే రూల్ అన్నారు. ఏ రూల్ అది?

ఆసిఫాబాద్_నుంచి
అక్కా, మీది 15 నుంచి 20 వేల మధ్య జీతం కదా, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 ఉండాలి. 50 ఎక్కువ కోశారు. ఇంకొకటి, పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. నాకూ 1,500 కట్ అవుతుంది, కంపెనీ వాటా కింద మాత్రం 459 పడుతోంది. మిగతాది కంపెనీ తినేస్తోంది.

చంద్రపూర్_పేరోల్
రాజురా సోదరి గారూ, నేను చాలా ఏళ్లుగా జీతాల లెక్కలే చూస్తున్నాను. మీ స్లిప్పులో అసలు తప్పు వేరే చోట ఉంది. ఎడమ వైపు మూడు లైన్లూ కూడండి, 20,000 వస్తుంది. ఆఫర్‌లో ఉన్నది 22,150. తేడా 2,150. కుడి వైపున్న ఎంప్లాయర్ పీఎఫ్ 1,500, ఎంప్లాయర్ ఈఎస్‌ఐ 650 కలిపితే అదే 2,150. అంటే సీటీసీ నుంచి గ్రాస్‌కు దిగేటప్పుడే కంపెనీ వాటాను ఒకసారి పక్కన పెట్టారు. గ్రాస్ నుంచి నెట్‌కు దిగేటప్పుడు మళ్లీ తీశారు. ఒకే డబ్బు రెండుసార్లు పోయింది.

కొన్ని కంపెనీల స్లిప్పుల్లో ఎంప్లాయర్ పీఎఫ్ కుడి వైపు కనిపిస్తుంది, అది చూసి కంగారు పడనక్కర్లేదు. అదే మొత్తం ఎడమ వైపు కూడా ఒక లైనుగా ఉంటే రెండూ కొట్టుకుపోతాయి, చేతికొచ్చే జీతం మారదు. మీ స్లిప్పులో ఎడమ వైపు ఆ లైన్ లేదు. కాబట్టి ఇది కళ్లెదుట ఉన్న పొరపాటు. దీన్ని సరిచేయించడానికి సీటీసీ న్యాయమా అన్యాయమా అనే వాదన తేలేదాకా ఆగక్కర్లేదు. మీ గ్రాస్ 21,000 లోపు కాబట్టి ఈఎస్‌ఐ పోవాల్సిందే, దానిలో 0.75 శాతం 150 సరిపోయింది. పీఎఫ్ 12,500లో 12 శాతం, అదీ సరే.

ప్రొఫెషనల్ ట్యాక్స్ సంగతి. ఆసిఫాబాద్ తమ్ముడు చెప్పిన 150 తెలంగాణ రేటు. ఊరు వాగుకు అటువైపు ఉన్నా ఉద్యోగం రాజురాలో కాబట్టి మహారాష్ట్ర లెక్కే. ఇక్కడ నెలకు 10,000 దాటితే 200, ఫిబ్రవరిలో 300, ఏడాదికి మొత్తం 2,500. మాస్టారి 300 అదే, అందులో తప్పేమీ లేదు. కానీ మహిళలకు 2023 ఏప్రిల్ 1 నుంచి నెలకు 25,000 దాకా ఈ పన్ను లేదు. మీకు 200 పోకూడదు. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో మీ వివరాల దగ్గర పురుషుడు అని పడి ఉంటుంది, ఇలాంటివి తరచూ చూస్తుంటాను.

మొత్తం మీద మీకు రావాల్సింది 18,350. తగ్గింది 2,350.

ఆసిఫాబాద్_నుంచి
మరి నా 459 మాటేంటి?

చంద్రపూర్_పేరోల్
మీ బేసిక్ కూడా 12,500 అయి ఉండాలి. కంపెనీ కట్టే 1,500లో 8.33 శాతం లెక్కన 1,041 పెన్షన్ ఖాతాకు పోతుంది. మిగిలిన 459 పీఎఫ్‌లో పడుతుంది. పాస్‌బుక్‌లో పెన్షన్ అని పక్కనే ఇంకో గడి ఉంటుంది, రెండూ కూడి చూడండి. అక్కడ 1,041 లేకపోతే అప్పుడు అనుమానించాలి.

బల్లార్షా_యూనియన్
రెండుసార్లు కోశారన్నది నాకు తట్టలేదు, అది సరే. కానీ అన్నా, మొదటిసారి తీసినది మాత్రం న్యాయమెట్లా అవుతుంది? ఇంటర్వ్యూలో 22 వేలు అని చెప్పి పనిలో పెట్టుకుంటారు. పిల్ల ఆ అంకె చూసే ఉన్న పని మానేసి వచ్చి ఉంటుంది. చట్టం పేరుకు కోయొద్దంటుంది, వీళ్లు కోయకుండానే ముందే తగ్గించి ఇస్తున్నారు. ఫలితం ఒకటే కదా.

చంద్రపూర్_పేరోల్
మీ బాధ నాకు అర్థమవుతోంది, అయినా ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను. చట్టం ఆపేది ఒప్పుకున్న వేతనంలోంచి కోయడాన్ని. ఆఫర్ లెటర్‌లో గ్రాస్ 20,000 అని, కంపెనీ వాటా 2,150 విడిగా అని రాసి ఉంటే ఒప్పుకున్న వేతనం 20,000. దాన్నుంచి కంపెనీ వాటా పైసా కూడా తీయకూడదు. లెటర్‌లో విభజన లేకుండా ఒక్క 22,150 మాత్రమే రాసి ఉంటే మీ వాదనకు బలం వస్తుంది. ఉద్యోగం చేస్తూ ఉండగా పాత గ్రాస్ తగ్గించి సీటీసీలోకి మార్చినా అంతే. ఇంకో చోట నేను పూర్తిగా మీ వైపే. కాంట్రాక్టర్లు కనీస వేతనం అంకెనే సీటీసీగా చూపి, అందులోంచి తమ వాటా తీసి మిగిలింది గ్రాస్ అంటారు. కనీస వేతనం కంపెనీ వాటా కలపకుండానే చేతిలో పెట్టాలి. అది నేరుగా ఉల్లంఘనే.

బల్లార్షా_యూనియన్
మా లోడింగ్ వాళ్ల సంగతి అచ్చం ఇదే. విభజన లెటర్‌లో రాసినంత మాత్రాన చదువుకోని మనిషికి అర్థమవుతుందా? ఆ రాతను ఒప్పందం అనడానికి నాకు మనసు ఒప్పదు.

సిరోంచ_మాస్టారు
ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నా 100 రూపాయల టెన్షన్ మాత్రం తీరింది.

రాజురా_ఉద్యోగిని
లెటర్ రెండో పేజీలో విభజన ఉంది, గ్రాస్ 20,000 అనే ఉంది. అది చూపించి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాను. 2,150 పొరపాటేనని, వచ్చే జీతంలో కలుపుతామని ఫోన్లో చెప్పారు. ట్యాక్స్ 200 మాత్రం ప్రభుత్వం సొమ్ము, మా చేతిలో లేదంటున్నారు.

చంద్రపూర్_పేరోల్
ఫోన్ మాట మీద ఉండకండి. 2,150 కలుపుతున్నట్టు మెయిల్‌లో జవాబు ఇవ్వమనండి. వచ్చే నెల స్లిప్పులో అది ఎరియర్స్ అనో సర్దుబాటు అనో ఎడమ వైపు విడి లైనుగా రావాలి, అప్పుడే దానిమీద మళ్లీ పీఎఫ్ కోశారేమో కూడా తెలుస్తుంది. కుడి వైపు ఆ రెండు ఎంప్లాయర్ లైన్లూ మాయమయ్యాయో లేదో చూడండి, లేకపోతే ఒక నెల ఇచ్చి మరో నెల మళ్లీ తీస్తారు. ఈ నెల పీఎఫ్ వచ్చే నెల 15 లోపు కట్టాలి, ఆ తర్వాత పాస్‌బుక్ తెరవండి. మీ వాటా 1,500, కంపెనీది 459, పెన్షన్ 1,041 ఉండాలి. జవాబు రాకపోతే పీఎఫ్ ఆఫీసు ఫిర్యాదుల పోర్టల్‌లో స్లిప్పు, ఆఫర్ లెటర్ రెండూ జత చేసి పెట్టండి.

200 గురించి, ప్రభుత్వానికి ఇంకా కట్టి ఉండకపోతే తిరిగి ఇవ్వడం వాళ్లకు తేలిక. మహిళలకు 25,000 దాకా మినహాయింపు ఉందని రాసి, మీ రికార్డులో స్త్రీ అని సరిచేయమని ఈ రోజే అడగండి. మీ సెక్షన్‌లో ఇంకా ఎంతమంది ఆడవాళ్లకు ఇదే కోత పడుతోందో కూడా కనుక్కోండి, అందరూ కలిసి ఒకే మెయిల్ పెడితే త్వరగా కదులుతారు.

రాజురా_ఉద్యోగిని
నాతో పాటు చేరిన ఇద్దరి స్లిప్పులు చూశాను అన్నా, ఇద్దరికీ 200 పోయింది. ముగ్గురం కలిసి రాస్తున్నాం.